కనిపించని మేకప్: మగవాళ్ల ముఖానికి మూడు వస్తువులు చాలు

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తుంటే పెళ్లికొడుకు ఫొటోల్లో ఒక విషయం తరచూ కంటపడుతుంది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, తలంబ్రాలు పోస్తున్న చేతులు మరో రంగు. చెవులు మాత్రం అసలు మనిషివే. మేకప్ మనిషి కష్టపడ్డాడు, డబ్బూ ఖర్చయింది. అయినా చూసినవాళ్లు మొదట అనే మాట ‘మేకప్ ఎక్కువైంది’ అనే. నిజానికి అక్కడ ఎక్కువైంది మేకప్ కాదు, తెలుపు. పెళ్లికొడుకు చర్మం కంటే రెండు మూడు మెట్లు తేలికైన రంగును ముఖమంతా పూయడమే అసలు తప్పు.

మన దగ్గర మగవాళ్ల సౌందర్య సాధనాల వ్యాపారం చాలాకాలం ఆ తెలుపు చుట్టూనే తిరిగింది. మగవాళ్ల కోసం ప్రత్యేకంగా ‘ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్’ క్రీమ్‌ను ఇమామి సంస్థ 2005లో తెచ్చింది. తర్వాత మరికొన్ని సంస్థలు అదే బాట పట్టాయి. వేరే దేశాల్లో ఇంకో ఆలోచన మొదలైంది. టామ్ ఫోర్డ్ సంస్థ 2013లో మగవాళ్ల కోసం తెచ్చిన శ్రేణిలో కన్సీలర్, కనుబొమల జెల్, లిప్ బామ్ ఉన్నాయి. 2018 సెప్టెంబరులో షనెల్ సంస్థ ‘బాయ్ డి షనెల్’ పేరుతో మగవాళ్ల మేకప్‌ను ముందుగా దక్షిణ కొరియాలో విడుదల చేసింది. అందులోనూ చర్మపు రంగుకు ఒకటి, కనుబొమలకు ఒకటి, పెదవులకు ఒకటి, మొత్తం మూడే వస్తువులు. రంగు మార్చడం ఈ రకం మేకప్ ఉద్దేశం కాదు. ముఖంలో అక్కడక్కడా ఉన్న తేడాలను చెరిపి, అంతా ఒకే రంగులో ఉన్నట్టు చేయడమే దాని పని. కంటి కింద నలుపు తగ్గి, పాత మొటిమ మచ్చ మాయమై, కనుబొమలు చెదరకుండా, పెదవులు పగలకుండా ఉంటే చాలు. చూసేవాళ్లకు ఇతను బాగా నిద్రపోయి వచ్చాడనిపించాలి తప్ప ఏదో పూసుకున్నాడనిపించకూడదు.

కన్సీలర్, కనుబొమల జెల్, లిప్ బామ్. ఈ మూడింటిలో కష్టమైనది కన్సీలర్. మిగిలిన రెండూ ఐదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. అందుకే ఇక్కడ కన్సీలర్ గురించే ఎక్కువగా చెప్పుకుందాం.

ముందు నలుపు ఎలాంటిదో చూసుకోవాలి

కంటి కింద నలుపు అంటే అందరికీ ఒకటే కాదు. స్థూలంగా మూడు రకాలు. మొదటిది మెలనిన్ ఎక్కువై వచ్చే గోధుమ రంగు. భారతీయుల చర్మంలో ఇది చాలా మామూలు. వంశంలో ఉండి రావచ్చు, కళ్లు నలుపుకునే అలవాటు వల్ల రావచ్చు, ఎలర్జీ దురదల వల్లా రావచ్చు. రెండోది పల్చటి చర్మం కింద రక్తనాళాలు కనబడటం వల్ల వచ్చే నీలం లేక ఊదా ఛాయ. మూడోది అసలు రంగే కాదు, నీడ. కంటి కింద ఎముక అంచున గుంట పడటం వల్లనో, పైన సంచిలా ఉబ్బడం వల్లనో పడే నీడ అది.

ఏది ఏదో తెలుసుకోవడానికి అద్దం చాలు. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా నిలబడి, చెంప చర్మాన్ని వేలితో మెల్లగా కిందికి లాగి చూడండి. చర్మంతో పాటు రంగు కూడా జరిగి, గోధుమగానే ఉంటే అది మెలనిన్. చర్మం సాగినకొద్దీ ఊదా రంగు ఇంకా ముదిరితే రక్తనాళాలు. తల కాస్త పైకెత్తి వెలుతురు నేరుగా కంటి కింద పడేలా చేసినప్పుడు నలుపు మాయమైతే అది నీడ. చాలామందిలో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి.

ఈ పరీక్ష ఎందుకంటే, కన్సీలర్ మొదటి రెంటికే పనిచేస్తుంది. అది రంగును కప్పగలదు కానీ గుంటను పూడ్చలేదు, ఉబ్బును దించలేదు. నీడ మీద ఎంత పూసినా నీడ ఉంటుంది, పైగా పూత ముడతల్లో పేరుకుని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. మొటిమల విషయంలోనూ ఇదే లెక్క. మొటిమ తగ్గాక మిగిలే చదునైన గోధుమ మచ్చను కన్సీలర్ చక్కగా దాస్తుంది. గుంట పడిన మచ్చను దాయలేదు. లేచి ఉన్న మొటిమ ఎరుపును దాస్తుంది కానీ బొడిపెను దాయలేదు. పగిలి తడిగా ఉన్న మొటిమ మీద అయితే అసలు నిలవదు, దాని జోలికి పోకూడదు.

తెల్లది పూస్తే బూడిద రంగు ఎందుకు వస్తుంది

నల్లగా ఉన్నచోట తెల్లటిది పూస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. చామనఛాయ ముఖం మీద అలా చేసి చూస్తే కంటి కింద బూడిద పూసినట్టు కనబడుతుంది. ముదురు రంగు గోడకు పల్చగా ఒక్క పూత సున్నం వేస్తే తెల్లగా కాకుండా పాలిపోయిన బూడిద రంగులో కనిపించడం మనం చూసేదే. ఇక్కడ జరిగేదీ అదే.

కన్సీలర్‌లో కప్పే పని చేసేది ప్రధానంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. దానికి ఐరన్ ఆక్సైడ్‌లనే పసుపు, ఎరుపు, నలుపు పొడులు కలిపి చర్మపు రంగు తెస్తారు. తేలిక షేడ్ అంటే తెల్ల పొడి పాలు ఎక్కువ అని అర్థం. అలాంటి పూత ముదురు చర్మం మీద పల్చగా పడినప్పుడు, వెలుతురులోని నీలం వైపు కిరణాలను అది ఎక్కువగా చెదరగొడుతుంది. ఎరుపు, పసుపు వైపు కిరణాలు పూతను దాటి లోపలికి పోయి, కింద ఉన్న నలుపులో కలిసిపోతాయి. మన కంటికి చేరేది నీలం కలిసిన బూడిద రంగు. దాన్ని పోగొట్టాలని ఇంకా మందంగా పూస్తే బూడిద పోతుంది కానీ తెల్లటి అట్ట మిగులుతుంది.

దీనికి విరుగుడు తెలుపు కాదు, నారింజ. నీలానికి ఎదురు రంగు నారింజ కాబట్టి ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకే కంటి కింద ముందు పీచ్ లేక నారింజ రంగు కరెక్టర్‌ను చాలా పల్చగా అద్ది, దానిపైన చర్మపు రంగు కన్సీలర్ వేస్తారు. గోధుమ ఛాయ వాళ్లకు పీచ్ రంగు సరిపోతుంది. చామనఛాయకు ముదురు పీచ్, నలుపు ఛాయకు నారింజ. కంటి కింద నలుపు తక్కువగా ఉన్నవాళ్లకు రెండు పూతలు అక్కర్లేదు, కాస్త పీచ్ కలిసిన కన్సీలర్ ఒక్కటే చాలు. మొటిమల మచ్చల మీద కరెక్టర్ అవసరం లేదు, అవి గోధుమ రంగువే కాబట్టి చర్మానికి సరిగ్గా సరిపోయే కన్సీలర్ ఒక్కటే పనిచేస్తుంది. ఇంటర్నెట్ వీడియోల్లో కనిపించే ఆకుపచ్చ కరెక్టర్ ఎర్రటి మచ్చల కోసం. తెల్లటి చర్మం మీద ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి ఆ చర్మం ఉన్నవాళ్లకది అవసరం. మనలో చాలామందికి దానితో పని లేదు.

షేడ్ ఎంచుకోవడం

దుకాణంలో మణికట్టు మీద గీసి చూపిస్తారు. మణికట్టు లోపలి వైపు ఎండ తగలదు, ముఖం కంటే తేలికగా ఉంటుంది. అక్కడ సరిపోయింది ముఖం మీద తెల్లబడుతుంది. దవడ ఎముక మీద, చెవికి కాస్త ముందు, గడ్డం లేనిచోట మూడు షేడ్లను పక్కపక్కనే చిన్న గీతల్లా వేయించుకోండి. తర్వాత దుకాణం బయటికి వచ్చి పగటి వెలుతురులో ఫోన్ కెమెరాలో చూసుకోండి. లోపలి దీపాలు రంగును మార్చి చూపిస్తాయి. ఏ గీత కనబడకుండా కలిసిపోయిందో అదే మీ షేడ్.

అక్కడితో తొందరపడకూడదు. చాలా కన్సీలర్లు చర్మంలోని నూనెతో కలిసి, తడి ఆరేకొద్దీ కొంచెం ముదురుతాయి. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. రెండు షేడ్ల మధ్య తేలకపోతే ముదురుదే తీసుకోండి. కాస్త ముదురైన కన్సీలర్ ఎండకు కమిలిన చర్మంలా కలిసిపోతుంది, తేలికైనది మాత్రం ఎంత అద్దినా కలవదు. రంగు లోతుతో పాటు అందులో పసుపు ఉందా, ఎరుపు ఉందా అన్నదీ చూడాలి. మనలో ఎక్కువమంది చర్మంలో పసుపు జాడ ఉంటుంది. గులాబీ రంగు తేలే కన్సీలర్ మనకు అతికినట్టు ఉండదు.

డబ్బాపై ‘రేడియంట్’, ‘గ్లో’ అని ఉన్నవాటిలో మెరుపు పొడి ఉండవచ్చు. మగవాళ్లలో ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల చర్మానికి నూనె ఎక్కువే, మెరుపు కొనుక్కోవాల్సిన పని లేదు. ‘మ్యాట్’ లేక ‘నేచురల్’ అని ఉన్నదే మేలు. ఇక ‘ఫర్ మెన్’ అన్న ముద్ర కోసం వెతకక్కర్లేదు. లోపల ఉండే పదార్థాలు దాదాపు అవే. ఆడవాళ్ల కోసం అమ్మేవాటిలో షేడ్లు ఎక్కువ కాబట్టి మీ రంగు దొరికే అవకాశమూ ఎక్కువే.

ఒక నిశ్చితార్థం ఉదయం

ఇదంతా ఒక ఉదాహరణతో చూద్దాం. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు. చామనఛాయ, జిడ్డు చర్మం, రాత్రి షిఫ్టుల ఉద్యోగం. కంటి కింద గోధుమ, ఊదా కలిసిన నలుపు. ఎడమ చెంప మీద మూడు పాత మొటిమ మచ్చలు. పల్చగా కత్తిరించిన గడ్డం. విజయవాడలో ఏప్రిల్ ఉదయం పది గంటలకు నిశ్చితార్థం. అంటే ఉక్క, చెమట, వీడియో లైట్ల వేడి తప్పవు.

అతను ఎనిమిదిన్నరకు మొదలుపెడితే సరిపోతుంది. గడ్డం అంచులు ముందురోజు రాత్రే సరిచేసుకోవాలి. అప్పుడే గీసిన చర్మం మీద కన్సీలర్ మండుతుంది, గాట్లలో రంగు పేరుకుంటుంది. ఉదయం స్నానం చేసి, ముఖాన్ని తువ్వాలుతో రుద్దకుండా అద్ది, జెల్ రకం మాయిశ్చరైజర్ తక్కువగా రాయాలి. ఐదు నిమిషాలాగి సన్‌స్క్రీన్. దాన్ని మాత్రం తగ్గించకూడదు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకున్నంత రాయాలని చర్మ వైద్యులు చెబుతారు. తెల్లగా తేలే సన్‌స్క్రీన్ అయితే ఇంతసేపు వెతికిన షేడ్ అంతా వృథా కాబట్టి రంగు తేలనిదే వాడాలి. ఇక పదిహేను నిమిషాలు ముఖం జోలికి పోకూడదు. ఆరకముందే కన్సీలర్ అద్దితే కింది పూత రబ్బరు తురుములా ఉండలు కట్టి రాలుతుంది. ఆలోగా చొక్కా వేసుకుని, కాలర్ చుట్టూ టిష్యూ పెట్టుకుంటే మరకల బాధ ఉండదు.

ఇప్పుడు కరెక్టర్. కంటికి గుండుసూది తలంత చాలు. దాన్ని నేరుగా ముఖం మీద పెట్టకుండా ముందు ఎడమ చేతి వెనుక వేసుకుని, ఉంగరపు వేలితో కాస్త వెచ్చబరచి, నలుపు ఎక్కువగా ఉన్న చోటే అద్దాలి. సాధారణంగా అది కంటి లోపలి మూల నుంచి సగం దాకా ఉంటుంది. కనురెప్ప వెంట్రుకల దాకా పోకూడదు. రుద్దకూడదు, అద్దడమే. రుద్దితే అంతకుముందు పెట్టింది లేచి పక్కకు పోతుంది. ఈ పూత తర్వాత కంటి కింద నలుపు పూర్తిగా పోదు, పోవాల్సిన పనీ లేదు. ఊదా రంగు పోయి, కొంచెం వెచ్చటి గోధుమ రంగు మిగిలితే చాలు.

ఒక నిమిషం ఆగి కన్సీలర్. అదే కొలత, అదే వేలు. కన్సీలర్ గొట్టంలోని స్పాంజి పుల్లకు ఒక ముఖానికి అవసరమైనదానికి మూడు నాలుగింతలు అంటుకుని వస్తుంది. దాన్ని నేరుగా కంటి కింద గీయడం వల్లే చాలామందికి పూత మందమవుతుంది. చేతి వెనుక నుంచి తీసుకుంటే ఎంత వాడుతున్నామో తెలుస్తుంది. నలుపు ఉన్నంత మేరే అద్ది, అంచుల్ని మాత్రం బయటికి కలపాలి.

చెంప మీది మచ్చలకు వేలు కంటే చిన్న బ్రష్ నయం, అది లేకపోతే ఇయర్ బడ్‌ను కాస్త నలిపి మొన చేసుకోవచ్చు. మచ్చ మీద మచ్చంతే చుక్క పెట్టి అరనిమిషం కదపకుండా వదిలేయాలి. అది కొంచెం జిగురుగా మారుతుంది. అప్పుడు చుక్క అంచు చుట్టూ మాత్రమే తట్టాలి, మధ్యలో తాకకూడదు. మధ్యలో తాకితే కప్పిన రంగు వేలితో వచ్చేస్తుంది, మచ్చ మళ్లీ బయటపడుతుంది. ముఖమంతా ఒక పొర వేయకుండా ఇలా చుక్కల్లో పనిచేయడం వల్ల నూటికి తొంభై పాళ్లు అసలు చర్మమే కనబడుతూ ఉంటుంది. ఎదుటివాళ్ల కన్ను అసలు చర్మాన్నే చూస్తుంది కాబట్టి మిగతా చోట్ల అనుమానం రాదు.

గడ్డం దగ్గరే చాలామంది దొరికిపోతారు. వెంట్రుకల మొదళ్లలో కన్సీలర్ చిక్కుకుంటే చుండ్రు రాలినట్టు తెల్లగా కనబడుతుంది. గడ్డం అంచుకు వేలెడు దూరంలోనే ఆగిపోవాలి. ఒకవేళ అంటితే పాత టూత్‌బ్రష్‌ను కడిగి ఆరబెట్టి ఉంచుకుని, గడ్డాన్ని ఒకసారి దువ్వితే రాలిపోతుంది. గీసుకున్న గడ్డం ఉన్నచోట కనిపించే నీలపు నీడను దాచాలని చూడవద్దు. అది మగవాళ్ల ముఖంలో సహజంగా ఉండేది. దాన్ని చెరిపేస్తేనే ముఖం బొమ్మలా తయారవుతుంది.

చివరగా పౌడర్. టాల్కం పౌడర్ మాత్రం వద్దు, అది తెల్లగా తేలుతుంది. రంగులేని సెట్టింగ్ పౌడర్‌ను బ్రష్‌తో కొద్దిగా తీసుకుని, విదిలించి, కంటి కింద, ముక్కు పక్కల తాకించి వదలాలి. ఫ్లాష్ ఫొటోలు ఎక్కువగా తీసే చోటైతే ఒకరోజు ముందే ఫ్లాష్ వేసి సెల్ఫీ తీసుకుని చూడాలి. కొన్ని సిలికా పౌడర్లు, కొన్ని సన్‌స్క్రీన్లు మామూలు వెలుతురులో కనబడకుండా ఉండి, ఫ్లాష్ పడగానే తెల్లటి మచ్చలుగా మెరుస్తాయి. నుదుటి మధ్య ఏమీ అద్దకుండా వదిలేయడం మంచిది. జిడ్డు పూత మీద కుంకుమ బొట్టు నిలవదు, చెమటకు జారి ముక్కు మీదికి వస్తుంది.

కనుబొమలు: పైకి దువ్వితే సగం పని అయినట్టే

కనుబొమల జెల్ అంటే చిన్న బ్రష్‌తో వచ్చే పల్చటి జిగురు. అందులోని పాలిమర్ ఆరి వెంట్రుకల మీద పొరలా నిలుస్తుంది, వెంట్రుక పెట్టినచోట ఆగుతుంది. మనలో చాలామంది మగవాళ్లకు కనుబొమలు ఒత్తుగా, నల్లగానే ఉంటాయి. వాళ్లకు రంగులేని జెల్ చాలు. మధ్యలో ఖాళీలున్నా, నెరిసిన వెంట్రుకలు కనబడుతున్నా రంగు కలిసినది తీసుకోవచ్చు. అప్పుడు నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు ఎంచుకోవాలి. మన వెంట్రుకలు నల్లగా అనిపించినా ఎండలో చూస్తే వాటిలో గోధుమ ఉంటుంది. అచ్చ నలుపు వేస్తే కాటుకతో గీసినట్టే ఉంటుంది.

బ్రష్‌ను గొట్టం అంచుకు రెండు వైపులా తుడిచి, దాదాపు పొడిగా అనిపించినప్పుడే కనుబొమకు తాకించాలి. ముక్కు వైపు వెంట్రుకలను నేరుగా పైకి, మధ్యవాటిని పైకి కొంచెం బయటికి, చివరివాటిని పక్కకు దువ్వాలి. రెండు మూడు గీతలతో ముగించి వదిలేయాలి. ఒక నిమిషంలో ఆరుతుంది. ఆరాక మళ్లీ దువ్వితే తెల్లటి పొలుసులు రాలతాయి, అదే దొరికిపోయే గుర్తు. రంగు జెల్ చర్మానికి కాకుండా వెంట్రుకలకే అంటాలి, చర్మానికి అంటితే వెంటనే ఇయర్ బడ్‌తో తుడిచేయాలి. కన్సీలర్, పౌడర్ అయ్యాకే ఇది వేయాలి. ముందు వేస్తే పౌడర్ కనుబొమల మీద పడి నెరిసినట్టు కనబడతాయి.

ఆకారం మార్చే పని పెట్టుకోవద్దు. కనుబొమను పైకి దువ్వి, పై అంచు దాటి నిలిచిన రెండు మూడు పొడవు వెంట్రుకల కొనల్ని చిన్న కత్తెరతో కత్తిరిస్తే చాలు. రెండు కనుబొమల మధ్య థ్రెడింగ్ చేయించాలనుకుంటే వేడుకకు మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. ఆ రోజే చేయిస్తే ఎర్రగా పొక్కుతుంది, దాన్ని దాచడానికి మళ్లీ కన్సీలర్ కావాలి.

పెదవులు: తడి తెలియాలి, మెరుపు తెలియకూడదు

పెదవుల ఎర్రటి భాగంలో చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులూ దాదాపు ఉండవు. పైపొర కూడా చాలా పల్చన. అందుకే ముఖమంతా జిడ్డుగా ఉన్నవాళ్లకు కూడా పెదవులు పగులుతాయి. నాలుకతో తడుపుకుంటే ఆ ఉమ్మి ఆరుతూ ఉన్న తేమను కూడా లాక్కుపోతుంది. లిప్ బామ్ చేసే పని ఆ తేమ బయటికి పోకుండా మూత వేయడం. ఆ పనికి పెట్రోలియం జెల్లీ, తేనెమైనం వంటివి ఉన్నది చాలు. మెంథాల్, కర్పూరం, దాల్చినచెక్క వాసన కలిపినవి రాయగానే చల్లగా, చురుక్కుమని ఉంటాయి. కొందరికి అవే మంట తెచ్చి, మళ్లీ మళ్లీ రాయాల్సిన పరిస్థితి తెస్తాయి.

పగిలిన పెదవులు గంటలో బాగుపడవు. వేడుకకు వారం ముందు నుంచే రాత్రి పడుకోబోయే ముందు కాస్త మందంగా రాయాలి. ఆ రోజు మాత్రం ఇంట్లోంచి బయల్దేరే పది నిమిషాల ముందు పల్చగా రాసి, టిష్యూను పెదవుల మధ్య పెట్టి ఒకసారి నొక్కితే మెరుపు టిష్యూకు పోతుంది, తేమ పెదవికి మిగులుతుంది. మీసం ఉన్నవాళ్లు బామ్‌ను పెదవి మీద నేరుగా గీయకుండా వేలితో మధ్య నుంచి పక్కలకు రాస్తే మీసానికి అంటదు. సిగరెట్ వల్ల నల్లబడిన పెదవులకు కన్సీలర్ పూసి దాచాలనుకుంటే గంటలో పగిలి పొలుసులుగా లేస్తుంది. రంగు బామ్ కావాలంటే పెదవి లోపలి అంచు రంగుకు దగ్గరగా ఉండే గోధుమ, గులాబీ కలిసిన షేడ్ చూడాలి. గులాబీ పువ్వు రంగుది మన పెదవుల మీద దూరం నుంచే తెలిసిపోతుంది.

తెలిసిపోతుందా లేదా

మేకప్ వేసుకునేటప్పుడు అద్దానికి జానెడు దూరంలో ఉంటాం. మనుషులు మాట్లాడుకునేది రెండు మూడు అడుగుల దూరంలో. చివరి పరీక్ష ఆ దూరంలోనే జరగాలి. కిటికీ వెలుతురు ముఖం మీద ఒక పక్క నుంచి పడేలా నిలబడి చూడండి. కంటి కింద గీతల్లో రంగు పేరుకుందా, చెంప మీది చుక్క అంచు తెలుస్తోందా, ముఖం రంగు మెడ రంగుతో కలిసిందా అన్న మూడే చూడాలి. ఏదైనా కనబడితే ఇంకా పూయడం పరిష్కారం కాదు. వేలి కొనను టిష్యూతో తుడుచుకుని, పొడి వేలితో అక్కడ రెండుసార్లు తట్టితే ఎక్కువైంది వచ్చేస్తుంది. అసలు పరీక్ష మాత్రం గంట తర్వాత. ఆలోగా నూనె ఊరి, రంగు ముదిరి, పూత ముడతల్లోకి జారుతుంది. ముఖ్యమైన రోజుకు ముందే ఒక సెలవు రోజున మొత్తం వేసుకుని, మూడు నాలుగు గంటలు తిరిగి వచ్చి చూసుకోవడం అందుకే.

చెమట పట్టినప్పుడు రుమాలుతో తుడవడం మనకు అలవాటు. ఆ ఒక్క తుడుపుతో అంతా పోతుంది. టిష్యూను ముఖం మీద పరిచి, నొక్కి తీయాలి. విజయవాడ ఏప్రిల్ ఉక్కలో మధ్యాహ్నం భోజనాల వేళకు కంటి కింద పూత సగం కరుగుతుంది. అప్పుడు దాని మీద ఇంకో పూత వేయకుండా, పొడి వేలితో సరిచేసి వదిలేయడమే నయం. పెళ్లిలో నలుగు పెట్టించుకునే వాళ్లకు ఇంకో జాగ్రత్త. పసుపు కడిగాక కూడా చర్మానికి పసుపు రంగు కొంత పట్టుకునే ఉంటుంది. మామూలు రోజు ఎంచుకున్న షేడ్ ఆ రోజు కాస్త బూడిదగా అనిపించవచ్చు. ఆ రోజు కన్సీలర్ ఇంకా తగ్గించాలి.

రాత్రి దీన్ని తీయకుండా పడుకోకూడదు. మామూలు ఫేస్‌వాష్ ఒక్కటే దీన్ని పూర్తిగా తీయలేదు. దూదిని మైసెల్లార్ వాటర్‌తో తడిపి, కంటి మీద కొన్ని సెకన్లు ఉంచి, మెల్లగా తుడిచి, ఆ తర్వాత ముఖం కడగాలి. జిడ్డు లేని, మొటిమలు రాని చర్మమైతే కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. మొటిమలున్నవాళ్లకు అది వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. కొత్త వస్తువు ఏదైనా ముఖానికి పెట్టకముందు చెవి వెనుక కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. డబ్బా వెనుక తెరిచిన మూత బొమ్మలో ‘12M’ అని ఉంటే తెరిచాక పన్నెండు నెలల్లోపు వాడేయమని అర్థం. మన దేశంలో అమ్మే వాటిపై తయారీ లైసెన్స్ నంబరు, దిగుమతి చేసుకున్నవైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేని చవక డబ్బా కంటి దగ్గర పెట్టే వస్తువు కాదు.

మచ్చను దాచడం వేరు, మచ్చకు మందు వేయడం వేరు. చెంపల మీద గోధుమ రంగు పొర నెలనెలా పెరుగుతున్నా, చర్మం మీద తెల్లమచ్చలు కొత్తగా వస్తున్నా, కంటి చుట్టూ దురద, పొలుసులు ఉన్నా కన్సీలర్ పక్కన పెట్టి చర్మ వైద్యుల్ని కలవాలి. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. అది మొదట్లో ముఖాన్ని తేటపరిచినట్టే చేసి, కొన్నాళ్లకు చర్మాన్ని పల్చబరిచి, మొటిమలూ ఎర్రటి రక్తనాళాలూ తెస్తుంది. మానేస్తే మంట. కన్సీలర్ రాత్రికి కడిగితే పోతుంది, స్టెరాయిడ్ చేసిన హాని కడిగితే పోదు.

మొదటిసారి కొనేవాళ్లు మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. ముందు లిప్ బామ్, తర్వాత రంగులేని కనుబొమల జెల్. ఈ రెండింటితోనే తేడా తెలుస్తుంది, తప్పు జరిగే అవకాశమూ తక్కువే. కన్సీలర్ కొనే రోజున మాత్రం తొందరపడకుండా, దవడ మీద గీత వేయించుకుని, బయట వెలుతురులో పావుగంట ఆగి చూసి, మెడలో కలిసిపోయిన షేడ్‌నే తీసుకోండి. అమ్మేవాళ్లు ఇంకో మెట్టు తేలికది బాగుంటుందంటే వద్దని చెప్పండి.